వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎంత ఖాళీ?

జర్మన్ భాషలో బి1 పరీక్ష రాసేవాళ్లకు వినికిడి భాగం అంటే ఒక ప్రత్యేకమైన బెదురు ఉంటుంది. చదివేటప్పుడు అర్థమైన వాక్యమే చెవికి వచ్చేసరికి జారిపోతుంది. ఆ పరీక్షలో కొన్ని భాగాలను రెండుసార్లు వినిపిస్తారు, కొన్నిటిని ఒక్కసారే. మొదటి వాక్యంలో క్రియ ఎక్కడుందో మనసు వెతుకుతుండగానే రెండో వాక్యం వచ్చి పడుతుంది. మూడోదానికల్లా వినడం మానేసి, పదాలు ఏరుకోవడం మొదలవుతుంది. జర్మనీలో ఉద్యోగం కోసం తెలుగు రాష్ట్రాల నుంచి చాలామంది నర్సులు ఇప్పుడు ఈ భాష నేర్చుకుంటున్నారు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా శిక్షణ తీసుకుంటున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వ్యాకరణం బాగానే వచ్చి, వినికిడి దగ్గర ఆగిపోయేవాళ్లు వీళ్లలో తక్కువేమీ కాదు.

దీనికి పాతకాలం నుంచీ ఒక మందు ఉంది. ఒక వాక్యం వినాలి, ఆపాలి, దాన్ని విన్నట్టుగానే పైకి పలకాలి, తర్వాతి వాక్యానికి వెళ్లాలి. వినడానికి సులువుగానే ఉంది. ఫోన్‌లో చేయబోతే తెలుస్తుంది కష్టం. ఆపే బొటనవేలు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే పడుతుంది, తర్వాతి వాక్యంలోని మొదటి పదం సగం వినబడిపోతుంది. వెనక్కి జరిపితే పది సెకన్లు వెనక్కి పోతుంది. ధ్యాసంతా వేలి మీదే ఉంటే చెవికి మిగిలేదేముంది? అందుకే ఆ విరామాలను ఆడియో ఫైలులోనే ముందుగా పెట్టేయాలి. ఒకసారి ప్లే నొక్కితే పాఠం తనంతట తానే మనకోసం ఆగుతుంది, తనంతట తానే ముందుకు సాగుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకు భాషలు నేర్పడానికి నడిపిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ తన టేపుల్లో ప్రతి వాక్యం తర్వాతా విద్యార్థి పలకడానికి చోటు వదిలేది. భాషా ప్రయోగశాలల్లో గంటలకొద్దీ మోగినవి అలాంటి టేపులే. ఆ రోజుల్లో స్టూడియో, ఇంజనీరు ఉంటే తప్ప కుదరని పనిని ఇప్పుడు ఇంట్లో ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు. మనకు కావలసిన ఆడియోతో, మన స్థాయికి తగిన ఖాళీలతో చేసుకోవచ్చు.

అయితే ఇందులో యంత్రానికి వదిలేయకూడని నిర్ణయాలు రెండున్నాయి. ఎక్కడ కోయాలి అన్నది ఒకటి, ఎంత ఖాళీ వదలాలి అన్నది రెండోది. పాఠం నేర్పేదీ నేర్పకపోయేదీ ఈ రెండింటి మీదే ఉంటుంది.

ముందు కోత సంగతి చూద్దాం. విన్న మాటలను మనసు ధ్వనిరూపంలో పట్టి ఉంచగలిగే కాలం చాలా తక్కువ. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆలన్ బ్యాడ్లీ, ఆయన సహచరులు 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక విషయం తేలింది. మనుషులు సుమారు రెండు సెకన్లలో పలకగలిగినన్ని పదాలనే విన్న వెంటనే వరసగా తిరిగి చెప్పగలుగుతున్నారు. పొడవాటి పదాలైతే తక్కువ గుర్తుంటాయి, పొట్టివైతే ఎక్కువ గుర్తుంటాయి. భాష నేర్చుకునేవాళ్లకు ఇందులోంచి ఒక ఉపయోగకరమైన సంగతి దొరుకుతుంది. రెండు సెకన్లలోపు ముక్కను అర్థం తెలియకపోయినా చిలకలా తిరిగి పలికేయవచ్చు. నాలుగైదు సెకన్ల వాక్యాన్ని అలా పలకలేం. దాన్ని తిరిగి చెప్పాలంటే కర్త, క్రియ, విభక్తి అర్థమై, వాక్యాన్ని మనసులో మళ్లీ కట్టుకోవాలి. ఎనిమిది పది సెకన్లు దాటితే, భాష బాగా వచ్చినవాళ్లకు తప్ప, మొదటి సగం చెరిగిపోతుంది.

కాబట్టి ముక్క పొడవును మార్చడమంటే కసరత్తునే మార్చడం. రెండు సెకన్ల ముక్క ఉచ్చారణకు పనికొస్తుంది, నాలుగు సెకన్ల ముక్క వినికిడికి, వ్యాకరణానికి పనికొస్తుంది. బి1 స్థాయివాళ్లకు మూడు నుంచి ఐదు సెకన్ల మధ్య ఉంచడం మంచిదని నా అభిప్రాయం. అంతకు మించిన వాక్యాన్ని రెండుగా విరవాలి. విరిచేటప్పుడు అర్థం విరిగే చోటే విరవాలి.

ఒక వాక్యం తీసుకుని పని చేసి చూద్దాం. "ఇష్ కొమ్మె హొయ్టె నిష్ట్ త్సూర్ ఆర్బైట్, వైల్ మైనె టొఖ్టర్ జైట్ గెస్టర్న్ ఫీబర్ హట్." ఈరోజు నేను పనికి రావడం లేదు, ఎందుకంటే మా అమ్మాయికి నిన్నటి నుంచి జ్వరం అని అర్థం. పదమూడు పదాలు, ఇరవై అక్షరాలు. పాఠ్యపుస్తకం ఆడియోలో వినబడే నిదానపు వేగంలో నాలుగున్నర సెకన్లు పడుతుంది. తెలుగు లిపిలో రాస్తే అసలు ధ్వనులు పూర్తిగా రావు. అందుకే ఇక్కడ రాసినదాన్ని చూసి పలకవద్దు, అసలు గొంతునే అనుసరించాలి.

ఇందులో "ఆర్బైట్" తర్వాత కామా దగ్గర చిన్న ఊపిరి ఉంది, సెకనులో పావు వంతు. ఇది సహజంగా విరిగే చోటు. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం కూడా ఉంది. "వైల్" తర్వాతి భాగంలో క్రియ చివరికి వెళ్తుంది. మా అమ్మాయికి, నిన్నటి నుంచి, జ్వరం, ఉంది అన్న వరసే అక్కడా ఉంటుంది. ఇంగ్లిష్ మీదుగా జర్మన్ నేర్చుకునేవాళ్లు తడబడే ఈ వరస మనకు ఇంట్లోదే. తిప్పలన్నీ మొదటి సగంలోనూ, పదాల చివర ఉన్న హల్లుల్లోనూ ఉన్నాయి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే "హట్" అనాల్సిన చోట నోరు "హట్టు" అనీ, "ఆర్బైట్" అనాల్సిన చోట "ఆర్బైటు" అనీ అంటుంది. ఈ కసరత్తులో వెంటనే పట్టుబడేవి ఇలాంటి తప్పులే.

ఇక పనిలోకి దిగుదాం. ఆడియోను ఆడాసిటీలో తెరవాలి. మూడు నిమిషాల పాఠం మొదటిసారికి చాలు. ఫైలును చేత్తో ముక్కలు ముక్కలుగా కోసి జరపనక్కర్లేదు, గుర్తులు పెట్టుకుంటే సరిపోతుంది. ఆడాసిటీలో వీటిని లేబుళ్లు అంటారు. లేబుల్ అంటే ఫలానా సెకను నుంచి ఫలానా సెకను వరకు ఒక ముక్క అని రాసుకున్న గుర్తు. అసలు ఆడియో చెక్కుచెదరదు, తప్పు పెడితే గుర్తును జరుపుకోవచ్చు. ఒక ముక్కను మౌస్‌తో ఎంచి Ctrl+B నొక్కితే లేబుల్ పడుతుంది.

నలభై వాక్యాలకూ చేత్తో పెట్టడం విసుగు కాబట్టి మొదటి చిత్తును యంత్రంతో వేయించుకోవాలి. Analyze మెనూలో Label Sounds అని ఒకటుంది. అది శబ్దం ఉన్న చోట్లను, నిశ్శబ్దం ఉన్న చోట్లను వేరు చేసి, శబ్దం ఉన్న ప్రతి ముక్కకూ లేబుల్ పెడుతుంది. దానికి మనం చెప్పాల్సినవి మూడు. ఏ స్థాయికి దిగువన ఉన్నదాన్ని నిశ్శబ్దంగా లెక్కించాలి, ఎంతసేపు నిశ్శబ్దం ఉంటే ముక్క ముగిసినట్టు, ముక్కకు ముందూ వెనకా ఎంత అంచు వదలాలి.

మొదటిది ఆడియోను బట్టి ఉంటుంది. ఎవరూ మాట్లాడని చోటును ప్లే చేసి మీటరు చూస్తే గది చప్పుడు ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. అది మైనస్ 50 డెసిబెల్స్ దగ్గర ఉంటే, నిశ్శబ్దపు గీతను దానికి పది పైన, అంటే మైనస్ 40 దగ్గర పెట్టాలి. గదిలో ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే గీతను ఇంకా పైకి జరపాల్సి ఉంటుంది. అయితే పైకి జరిపినకొద్దీ మెల్లగా పలికిన ధ్వనులు కూడా నిశ్శబ్దం కింద జమైపోతాయి.

రెండోది అసలు కీలకం. ట, క, ప లాంటి హల్లును పలకడానికి నోరు క్షణకాలం పూర్తిగా మూసుకుంటుంది. ఆ మూతలో శబ్దం ఉండదు. అది సెకనులో పదో వంతు వరకూ ఉండవచ్చు. నిశ్శబ్దపు కాలాన్ని మరీ తక్కువగా పెడితే యంత్రం ఆ మూతనే వాక్యాంతం అనుకుని "ఆర్బైట్"ను "ఆర్బై" దగ్గర కోసేస్తుంది. సెకనులో మూడో వంతు కంటే తక్కువ పెట్టకపోవడం క్షేమం. 0.4 నుంచి 0.5 మధ్య పాఠ్యపుస్తకం ఆడియోకు సరిగ్గా సరిపోతుంది. అలా పెడితే మన వాక్యంలో కామా దగ్గరి పావు సెకను విరామంలో అది కోయదు. అది మంచిదే. అక్కడ కోయాలో వద్దో మనం తేల్చుకోవాలి.

మూడోది అంచు. పదం చివర వచ్చే ట్, ష్, స్ లాంటివి బలహీనమైన ధ్వనులు. గొంతు ఆగిపోయాక ఊపిరిగా మాత్రమే మిగిలే ఆ శబ్దం మనం గీసిన గీతకు దిగువన పడిపోతుంది. అప్పుడు "హట్" కాస్తా "హ" అయి కూర్చుంటుంది. మనవాళ్లు శ్రద్ధగా వినాల్సిన ధ్వనే సరిగ్గా కోతలో పోతుందన్నమాట. అందుకని ముక్క వెనక పావు సెకను అంచు వదలాలి. ముందు వైపు సెకనులో పదో వంతు చాలు. Label Sounds పెట్టెలో Maximum leading silence, Maximum trailing silence అన్న గడులు ఇందుకే ఉన్నాయి.

చిత్తు తయారయ్యాక లెక్క చూడాలి. పాఠంలో అచ్చయిన వాక్యాలు నలభై, లేబుళ్లు యాభై ఏడు వచ్చాయంటే వాక్యాల మధ్యలో కోతలు పడ్డాయి. ముప్ఫై ఒకటే వచ్చాయంటే మాట్లాడేవాళ్లు ఊపిరి పీల్చుకోకుండా రెండేసి వాక్యాలు చెప్పిన చోట్లున్నాయి. అర సెకను కంటే పొట్టి లేబుల్ కనబడితే అది చాలావరకు ఊపిరి చప్పుడో, కాగితం తిప్పిన చప్పుడో అయి ఉంటుంది, తీసేయాలి. "యా", "నైన్" లాంటి ఒక్క మాట జవాబులు మాత్రం ఇందుకు మినహాయింపు. ఏడు సెకన్లు దాటినది కనబడితే విరవాలి. తర్వాత ప్రతి లేబుల్ చివరి అర సెకను మాత్రం విని, చివరి హల్లు నిలిచిందో లేదో చూసుకోవాలి. మూడు నిమిషాల పాఠానికి ఈ సవరణంతా ఇరవై నిమిషాల పని. ఈ ఇరవై నిమిషాలు వృథా కాదు. ఏ మాట ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతోందో ఇంత దగ్గరగా విని చూడడం కూడా వినికిడి సాధనే.

వెనక సంగీతం ఉన్న ఆడియోతో మాత్రం ఈ పద్ధతి పని చేయదు. సంగీతం మోగుతున్నంతసేపూ యంత్రానికి నిశ్శబ్దం దొరకదు, పాఠమంతా ఒకే లేబుల్‌గా వస్తుంది. సినిమా సంభాషణలు, రేడియో ప్రకటనలు ఈ కోవలోవి. వాటికి చేత్తో గుర్తులు పెట్టుకోక తప్పదు. మొదట్లో వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు ఖాళీ సంగతి. అసలు వాక్యం ఎంతసేపుందో అంతే ఖాళీ వదిలితే చాలదు. నేర్చుకునేవాళ్లు అసలు వక్త కంటే నిదానంగా పలుకుతారు. పైగా వాక్యం ముగిసిందని గ్రహించి నోరు తెరవడానికే సెకనులో సగానికి పైగా పడుతుంది. ఖాళీ చాలకపోతే మీరు "ఫీబర్" అంటుండగా తర్వాతి వాక్యం మీ గొంతు మీదే వచ్చి పడుతుంది. అలా నాలుగుసార్లు జరిగితే మనిషి పలకడం మానేసి గొణగడం మొదలుపెడతాడు. ఖాళీ మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు. పలకడం అయిపోయి, ధ్యాస ఎటో పోయి, తర్వాతి వాక్యం మొదటి మాట వినబడకుండానే దాటిపోతుంది.

నేను వాడే లెక్క ఇది. వాక్యం పొడవును 1.3తో గుణించి 0.8 సెకన్లు కలపాలి. గుణకారం నిదానానికి, కలిపింది నోరు తెరవడానికి. మన వాక్యం 4.55 సెకన్లు అయితే ఖాళీ 6.7 సెకన్లు అవుతుంది. 0.8 సెకన్ల "ఫీబర్ హట్" అనే ముక్కకు 1.84 సెకన్లు వస్తుంది. అన్నిటికీ ఒకే ఐదు సెకన్లు పెట్టి ఉంటే పొట్టి ముక్క తర్వాత ఊరికే ఎదురుచూడాలి, పొడవు వాక్యాన్ని సగంలో వదిలేయాలి. వారం తర్వాత అదే పాఠాన్ని 1.3 బదులు 1.1తో మళ్లీ తయారు చేసుకుంటే, ఒక్క మాట మార్చకుండానే కసరత్తు కఠినమవుతుంది.

చాలామంది ఖాళీ పెంచే బదులు గొంతు వేగాన్ని తగ్గిస్తారు. నేను దానికి సుముఖంగా లేను. ఆడాసిటీలో Change Tempo వాడితే గొంతు స్థాయి మారకుండా వేగం తగ్గుతుంది, నిజమే. కానీ మామూలు మాటలో కలిసిపోయే ధ్వనులు సాగదీసినంత మాత్రాన విడివడవు, సాగిన కలగాపులగంగానే ఉంటాయి. పరీక్షలో వినబడేది మామూలు వేగమే. గొంతును దాని వేగంలో వదిలి, ఆలోచించుకునే సమయాన్ని ఖాళీలో ఇవ్వాలి.

లేబుళ్లు సరిచూసుకున్నాక File మెనూలోని Export Labels ద్వారా వాటిని ఒక టెక్స్ట్ ఫైలుగా దాచుకోవాలి. ప్రతి వరసలో మొదలు సెకను, చివరి సెకను, పేరు ఉంటాయి, మధ్యలో ట్యాబ్ ఉంటుంది. ఈ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి వరసలు కలపవచ్చు, మార్చవచ్చు. కష్టమైన వాక్యాలకు ఇది భలే ఉపయోగం. మన వాక్యం పాఠంలో 41.20 సెకన్ల దగ్గర మొదలైందనుకుందాం. దాని స్థానంలో ఈ నాలుగు వరసలు పెట్టవచ్చు.

```
44.95	45.75
44.25	45.75
43.45	45.75
41.20	45.75
```

మొదట "ఫీబర్ హట్" వస్తుంది. తర్వాత "జైట్ గెస్టర్న్ ఫీబర్ హట్", ఆ తర్వాత "వైల్" నుంచి చివరిదాకా, చివరికి మొత్తం వాక్యం. చివరి నుంచి మొదలుకు పేర్చుకుంటూ వెళ్లే ఈ పద్ధతి భాషా బోధకులకు బాగా పరిచయం. దీని లాభం స్పష్టం. ప్రతి ముక్కా వాక్యాంతపు రాగంతోనే ముగుస్తుంది, కాబట్టి గొంతు ఎక్కడ దిగాలో మొదటి నుంచీ సరిగ్గా అలవాటవుతుంది. మొదటి నుంచి చివరికి పేర్చితే మధ్యలో తెగిన ముక్క గాలిలో వేలాడుతున్నట్టు వినబడుతుంది, నేర్చుకునేవారు అక్కడే రాగాన్ని దించేస్తారు. ఇంకొక లాభం, మొత్తం వాక్యం వచ్చేసరికి కష్టమైన చివరి భాగం నోటికి వచ్చేసి ఉంటుంది.

ఇక కలిపి కుట్టే పని. నలభై ముక్కలకు నలభై ఖాళీలు చేత్తో చొప్పించవచ్చు. ఆడాసిటీలో Generate మెనూలో Silence ఉంది, కావలసినన్ని సెకన్లు రాస్తే చాలు. ఐదారు వాక్యాలైతే అలా చేయడమే మేలు. ఎక్కువైతే ఇంట్లో కాస్త పైథాన్ తెలిసిన తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ చిన్న ప్రోగ్రామ్ ఇచ్చి నడిపించమనండి. దీనికి pydub అనే లైబ్రరీ, ffmpeg అనే సాధనం కావాలి. పైథాన్ 3.13, ఆ తర్వాతి వెర్షన్లయితే audioop-lts అన్న ప్యాకేజీ కూడా వేసుకోవాలి, లేకపోతే మొదటి వరసలోనే ఆగిపోతుంది.

```python
from pydub import AudioSegment

src = AudioSegment.from_file("lesson.wav")
out = AudioSegment.empty()

for line in open("labels.txt", encoding="utf-8"):
    if not line.strip():
        continue
    a, b = line.split("\t")[:2]
    s = src[int(float(a) * 1000):int(float(b) * 1000)]
    s = s.fade_in(10).fade_out(30)
    gap = AudioSegment.silent(duration=int(len(s) * 1.3) + 800)
    out += s + gap + s + gap

out.export("drill.mp3", format="mp3", bitrate="96k")
```

ఇందులో ప్రతి వాక్యం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి విని పలుకుతారు. రెండోసారి వినేటప్పుడు తాము పలికినది సరిపోల్చుకుంటారు, మళ్లీ పలుకుతారు. రెండో వినికిడి లేకపోతే తప్పు తప్పుగానే నాలుక మీద గట్టిపడుతుంది. ఒక్కసారే వినిపించే కసరత్తును నేను ఎవరికీ సిఫారసు చేయను.

అందులోని fade_in, fade_out కూడా తీసేయవద్దు. ధ్వని తరంగం మధ్యలో ఉండగా కోస్తే ఆ చోట టక్‌మని చప్పుడు వస్తుంది. "గెస్టర్న్", "ఫీబర్" మధ్య నిశ్శబ్దమే లేదు. ఒకదాని చివరి న్ నేరుగా ఇంకోదాని ఫ్‌లోకి పోతుంది. అలాంటి చోట కోసినప్పుడు పది మిల్లీసెకన్ల మెల్లని ఆరంభం ఆ టక్ శబ్దాన్ని మాపేస్తుంది. చెవికి తేడా తెలియదు. అలాగే కోతంతా వేవ్ ఫైలు మీదే చేసి, ఎంపీ3గా మార్చడం చివర ఒక్కసారే చేయాలి. ఎంపీ3 ధ్వనిని చిన్న చిన్న చట్రాలుగా దాస్తుంది. సీడీ నాణ్యతలో ఒక్కో చట్రం సుమారు 26 మిల్లీసెకన్లు. పైగా ఎంపీ3గా మార్చిన ప్రతిసారీ కాస్త ధ్వని పోతుంది, ఆరంభంలో కాస్త ఖాళీ చేరుతుంది. రెండు మూడుసార్లు మారిస్తే ముందు దెబ్బతినేవి ష్, స్, ఖ్ ధ్వనులే.

లెక్క చూస్తే, నలభై వాక్యాలు సగటున మూడున్నర సెకన్లవి అయితే మూడు నిమిషాల పాఠం పన్నెండు నిమిషాల కసరత్తు అవుతుంది. ఒక పూటకు అది చాలు. పైకి పలకాలి కాబట్టి బస్సులో కుదరదు, తలుపు వేసుకునే చోటు కావాలి.

వాడే తీరులో ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించాలి. మొదటి రెండుసార్లు పుస్తకం మూసి ఉంచాలి. పుస్తకం ముందుంటే కన్ను చదివినదాన్ని నోరు పలుకుతుంది, చెవి పక్కకు తప్పుకుంటుంది. మామూలు మాటలో "హాబెన్" అన్నది "హామ్"లా వినబడుతుంది, "గేస్ట్ డూ" అన్నది "గేస్టె" అయిపోతుంది. అచ్చులో ఈ మార్పులేవీ ఉండవు. విన్నది విన్నట్టు పలికి, మూడోసారి పుస్తకం తెరిచి, చెవి ఎక్కడ మోసపోయిందో గుర్తు పెట్టుకుంటే ఆ గుర్తులే మీ బలహీనతల పటం. ఒకసారి ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి పక్కపక్కన వినండి. పలికేటప్పుడు వినబడని "హట్టు" రికార్డులో స్పష్టంగా వినబడుతుంది.

ఈ కసరత్తు చేయలేనివీ ఉన్నాయి. పొట్టి ముక్కలను అర్థం తెలియకుండా కూడా చక్కగా పలకవచ్చని ముందే చెప్పుకున్నాం. అందుకే మర్నాడు ఒక పరీక్ష పెట్టుకోవాలి. అదే ఫైలును పెట్టి, ఖాళీలో జర్మన్ బదులు తెలుగులో అర్థం చెప్పాలి. నలభైలో పది చోట్ల ఆగిపోతే ఆ పదింటిని నిన్న చిలకపలుకుల్లా పలికారన్నమాట. వాటికి ముందు పుస్తకంతో పని, తర్వాతే ఈ కసరత్తు. ఎదుటివారు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పే నేర్పు కూడా దీనివల్ల రాదు. దానికి మనిషి కావాలి.

చివరిగా ఆడియో ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది. కొన్న పాఠ్యపుస్తకం ఆడియోను మీ ఇంట్లో మీ సాధన కోసం మాత్రమే వాడుకోండి. దాన్ని కోసి వాట్సాప్ గ్రూపులో పంచితే మాత్రం అది ప్రచురణకర్త సొత్తును పంచడమే అవుతుంది. స్వేచ్ఛగా పంచుకోవాలంటే లిబ్రివాక్స్‌లో స్వచ్ఛంద పాఠకులు చదివిన జర్మన్ పుస్తకాలున్నాయి, వాటిని పబ్లిక్ డొమైన్‌లోనే విడుదల చేస్తారు. అయితే అవి పాతకాలపు సాహిత్యం, నర్సు ఉద్యోగానికి కావలసిన మాటలు వాటిలో తక్కువ. దీనికి మధ్యేమార్గం ఒకటుంది. లేబుళ్ల ఫైలులో సెకన్ల అంకెలు తప్ప ఆడియో ఏమీ ఉండదు. మీ బ్యాచ్‌లో అందరి దగ్గరా అదే పుస్తకం, అదే ఆడియో ఉంటే, తలా ఒక పాఠానికి గుర్తులు పెట్టి, ఆ అంకెల ఫైలును మాత్రమే మార్చుకోండి. పన్నెండు మంది ఉంటే పన్నెండు పాఠాల కసరత్తు వారంలో అందరి చేతికీ వస్తుంది.